సింగపూర్ అకౌంట్ సంగతి ఇన్‌కం టాక్స్ వాళ్ళకి ఎలా తెలిసింది? మా ఇద్దరికీ మెసేజ్ వచ్చింది

తిరిగొచ్చినవాడు · 6 డిసెంబర్ 2025, రాత్రి 9:42

అందరికీ నమస్తే. 2011లో సింగపూర్ వెళ్ళాను, పదేళ్ళు చేసి 2021 జూన్ 5న హైదరాబాద్ వచ్చేశాను, అప్పటినుంచీ ఇక్కడే ఉద్యోగం. అక్కడ నాకూ మా ఆవిడకీ కలిపి ఒక జాయింట్ అకౌంట్ ఉంది, అందులో 60,000 సింగపూర్ డాలర్లు ఫిక్స్‌డ్ వేసి వదిలేశాను, పిల్లాడు ఎప్పుడైనా అక్కడ చదువుతానంటే పనికొస్తాయని. అంతా జీతం డబ్బే, ఒక్క రూపాయి అటూ ఇటూ లేదు. ఇక్కడ రిటర్న్ మాత్రం ఏటా ఐటీఆర్-1 వేసేస్తున్నాను, ఫారం 16 చూసి పది నిమిషాల్లో అయిపోతుంది కదా అని.

మొన్న మెసేజ్ వచ్చింది, మీకు విదేశీ ఆస్తులున్నట్టు మా దగ్గర సమాచారం ఉంది, రిటర్న్‌లో కనపడలేదు, డిసెంబర్ 31 లోపు సరిచేసుకోండి అని. సరే అనుకునేలోపు సాయంత్రం మా ఆవిడకీ అదే వచ్చింది. ఆవిడ ఏదో ఎఫ్‌డీ మీద కోసిన టీడీఎస్ వెనక్కి తెచ్చుకోడానికి రిటర్న్ వేస్తుంది అంతే. ఎంత డబ్బు, ఏ బ్యాంకు అన్నది మెసేజ్‌లో లేదు. అసలు వీళ్ళకి ఎంత తెలుసు? ప్రతి ట్రాన్సాక్షన్ చూస్తున్నారా? నేనేం దొంగని కాదు కానీ రెండు రోజులుగా నిద్ర లేదు.

గల్ఫ్ గంగన్న · రాత్రి 10:05

అన్నా పరేషాన్ గాకు. నేను దుబాయ్‌ల పన్నెండేండ్లు చేసిన, ఇంకా అకౌంట్ ఉన్నది, నాకే మెసేజ్ రాలే. టాక్సే లేని దేశం ఇంకో దేశానికి టాక్స్ ముచ్చట ఎందుకు చెప్తది? సింగపూర్‌ల గూడ బ్యాంకు వడ్డీ మీద టాక్స్ లేదు గదా. అందరికీ పంపే మెసేజే ఇది. ఒకవేళ భయం అయితే డిసెంబర్ 31 లోపల అకౌంట్ బంద్ చేసి పైసలు తెచ్చుకో, ఏడాది ఆఖర్ల బ్యాలెన్స్ సున్నా ఉంటది, ఇగ వాళ్ళు పంపనీకి ఏముంటది?

బ్యాక్ ఆఫీస్ భ్రమరాంబ · రాత్రి 10:51

గంగన్న గారూ, మీరు చెప్పినదాంట్లో రెండూ తప్పే, కోపం తెచ్చుకోకండి. నేను హైదరాబాద్‌లోనే ఒక ఫారిన్ బ్యాంకు వాళ్ళ ఆఫీసులో ఇదే పని చేస్తాను, ఏటా మార్చి నుంచి జులై దాకా మా బతుకంతా ఈ ఫైళ్ళే. ఆ దేశంలో పన్ను ఉందా లేదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. దేశాలు ఒకదానికొకటి అకౌంట్ల వివరాలు ఏటా పంపుకునే ఏర్పాటు ఇది, సీఆర్ఎస్ అంటారు. యూఏఈ, సింగపూర్ రెండూ 2018 నుంచే పంపడం మొదలుపెట్టాయి. అకౌంట్ ఉన్నాయన ఏ దేశానికి టాక్స్ రెసిడెంట్ అన్నదే ప్రశ్న, ఆ దేశానికి వివరాలు వెళ్తాయి, అంతే.

తిరిగొచ్చినవాడు గారూ, మీ గురించి వెళ్ళేది ఇదీ, కొంచెం కుదించి పెడుతున్నాను, నంబర్లు పేర్లు ఉత్తుత్తివి:

```
<AccountNumber>000-00000-0</AccountNumber>
<ResCountryCode>IN</ResCountryCode>
<TIN issuedBy="IN">XXXPX0000X</TIN>
<AccountBalance currCode="SGD">60000.00</AccountBalance>
<Payment>
  <Type>CRS502</Type>
  <PaymentAmnt currCode="SGD">1800.00</PaymentAmnt>
</Payment>
```

దీంతోపాటు పేరు, అడ్రస్, పుట్టినతేదీ. ఆ CRS502 అంటే వడ్డీ, 501 అయితే డివిడెండ్. ఏడాదికి అకౌంట్‌కి ఇలాంటిది ఒక్కటి. మీరు ఏ రోజు ఎవరికి ఎంత పంపారు, ఏ షాపులో కార్డు గీకారు, అదేం ఉండదు. డిసెంబర్ 31 నాటి బ్యాలెన్స్, ఆ క్యాలెండర్ ఏడాదిలో వచ్చిన వడ్డీ. బ్యాంకు అక్కడి టాక్స్ డిపార్ట్‌మెంట్‌కి ఇస్తుంది, వాళ్ళు దేశాలవారీగా విడగొట్టి తర్వాతి ఏడాది సెప్టెంబర్ ఆఖరులోపు మనవాళ్ళకి పంపుతారు. అంటే 2024 లెక్క 2025 సెప్టెంబర్‌కల్లా ఢిల్లీ చేరింది, మెసేజ్ ఇప్పుడొచ్చింది, టైమింగ్ సరిగ్గా సరిపోయింది చూడండి.

మూసేసే చిట్కా గురించి. మధ్యలో మూసేస్తే బ్యాలెన్స్ సున్నా అని వెళ్తుంది నిజమే, కానీ పక్కనే `ClosedAccount="true"` అని కూడా వెళ్తుంది, మూసేదాకా వచ్చిన వడ్డీ కూడా వెళ్తుంది. పైగా 2024 లెక్క ఆల్రెడీ వెళ్ళిపోయింది కదా, ఇప్పుడు మూస్తే వరసగా రెండు సంవత్సరాల ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఏం కనిపిస్తుంది చెప్పండి.

తిరిగొచ్చినవాడు · రాత్రి 11:10

కానీ నేను ఇండియా వచ్చేశానని ఆ బ్యాంకుకి ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు మేడం.

బ్యాక్ ఆఫీస్ భ్రమరాంబ · రాత్రి 11:24

చెప్పే ఉంటారు సార్, గుర్తు లేదంతే. ఫోన్ నంబర్ +91కి మార్చారా? స్టేట్‌మెంట్లకి హైదరాబాద్ అడ్రస్ ఇచ్చారా? ఇలాంటివి సిస్టం పట్టుకుని ఫ్లాగ్ వేస్తుంది. అప్పుడు యాప్‌లో ఒక ఫారం వస్తుంది, మీరు ఏ దేశంలో టాక్స్ రెసిడెంట్, టిన్ నంబర్ ఎంత అని. జనం సరిగ్గా చదవకుండా పాన్ నంబర్ కొట్టి ఓకే నొక్కేస్తారు. నొక్కకపోయినా ఆ ఫ్లాగ్ మీదే ఇండియాకి వెళ్తుంది.

జాయింట్ సంగతి కూడా చెప్తా, మీ ఆవిడకి ఎందుకొచ్చిందో. ఇద్దరి పేరు మీద ఉంటే చెరి సగం అని పంపం, ఒక్కొక్కరి పేరు మీదా మొత్తం 60,000 వెళ్తుంది. అక్కడ ఉన్నది ఒక్క డిపాజిట్టే, ఢిల్లీలో మాత్రం ఇద్దరి పాన్‌ల కింద చెరొకటి కనిపిస్తుంది.

తిరిగొచ్చినవాడు · రాత్రి 11:31

నిజమే, 2023లో యాప్ లాగిన్ అవ్వనివ్వకుండా ఏదో ఫారం అడిగింది. మా ఆవిడే నింపింది, ఇద్దరిదీ. ఇప్పుడు ఆ విషయం ఇంట్లో ఎత్తను లెండి.

లెక్కల శాస్త్రి · 7 డిసెంబర్, ఉదయం 6:15

పొద్దున్నే ఇది చూశాను. విజయవాడలో ముప్పయ్యేళ్ళుగా ఆడిటింగ్ ప్రాక్టీసు, ఈ నెలలో ఇలాంటి కేసులు నా టేబుల్ మీదే తొమ్మిదో పదో ఉన్నాయి. ముందు ఒక మాట నాయనా, సమాచారం వచ్చిందంటే తప్పు చేశావని కాదు. నువ్వు తిరిగొచ్చిన మొదటి రోజుల్లో కూడా ఆ బ్యాంకు పంపే ఉండొచ్చు, ఆ సంవత్సరాలకి నువ్వు చెప్పాల్సిన పనే లేదు. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

బయట పదేళ్ళుండి వచ్చినవాడు వెంటనే పూర్తి రెసిడెంట్ అయిపోడు, మధ్యలో ఆర్ఎన్ఓఆర్ అని ఒక మెట్టు ఉంది. వెనకటి పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ఎన్నారై అయితే ఆ మెట్టు మీదే ఉంటావు. నీకు 2021-22 అలాగే, 2022-23 కూడా అలాగే, వేలు మడిచి లెక్కపెడితే సరిగ్గా తొమ్మిది వస్తాయి. ఆ రెండేళ్ళు సింగపూర్ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూలు, అదే షెడ్యూల్ ఎఫ్ఏ, నింపక్కర్లేదు. 2023-24కి వచ్చేసరికి తొమ్మిది కాస్తా ఎనిమిదయింది. అక్కడ ఇంకో దారి ఉంది, వెనకటి ఏడేళ్ళలో ఇండియాలో ఉన్న రోజులు 729 దాటకపోతే ఇంకా ఆర్ఎన్ఓఆరే. నువ్వు 2021-22లో 300 రోజులున్నావు, 2022-23లో 365, కలిపితే 665. మిగిలినవి 64. అంటే 2016 ఏప్రిల్ నుంచి 2021 మార్చి దాకా సెలవులకి వచ్చిన రోజులన్నీ కలిపి 64 లోపు ఉంటే 2023-24 కూడా గట్టెక్కినట్టే. పాస్‌పోర్ట్ తీసి స్టాంపులు లెక్కపెట్టు.

2024-25కి మాత్రం తప్పించుకునే దారి లేదు, నువ్వు పూర్తి రెసిడెంట్‌వి. ఐటీఆర్-1 వేయడమే తప్పు, విదేశంలో అకౌంట్ ఉన్నవాడు అది వేయకూడదు. డిసెంబర్ 31 లోపు ఐటీఆర్-2లో రివైజ్ చెయ్యి.

ఇప్పుడు డబ్బు లెక్క. 1,800 డాలర్ల వడ్డీ, సుమారుగా డాలర్ 63 రూపాయలు వేసుకుంటే 1,13,400. నువ్వు 30 శాతం స్లాబు అయితే పన్ను 34,020, సెస్సుతో 35,381, ఆపైన కాస్త వడ్డీ. సింగపూర్‌లో ఏం కట్టలేదు కాబట్టి క్రెడిట్ ఏం రాదు. ఇదీ నువ్వు ఎగ్గొట్టిన మొత్తం. దీనికోసం చెప్పకుండా ఉంటే బ్లాక్ మనీ చట్టం కింద ఏడాదికి 10 లక్షల పెనాల్టీ పడొచ్చు. ముప్పయ్యైదు వేలకి పది లక్షలు! ఆ చట్టం 2015లో చేసినప్పుడు స్విస్ బ్యాంకుల వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేశారు, వలలో పడుతున్నది ఎక్కువగా నీలాంటి బుడ్డపరకలు.

గల్ఫ్ గంగన్న · ఉదయం 8:20

శాస్త్రి గారూ 20 లక్షల లోపల ఉంటే చెప్పుడు అవసరం లేదని మా దోస్తు చెప్పిండు, నాయి పన్నెండు లక్షలే ఉన్నయి.

లెక్కల శాస్త్రి · ఉదయం 8:48

సగం కరెక్టు. స్థలాలూ ఇళ్ళూ కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ పది లక్షల పెనాల్టీ వెయ్యరు, 2024 అక్టోబర్ 1 నుంచి వచ్చిన మార్పు. పెనాల్టీ లేదన్నారు కానీ చెప్పక్కర్లేదని ఎవరూ అనలేదు, షెడ్యూల్ నింపాలి, వడ్డీ ఉంటే పన్ను కట్టాలి. మెసేజ్ రాలేదన్నావు, నీ వీసా క్యాన్సిల్ అయిందని ఆ బ్యాంకుకి చెప్పావా?

గల్ఫ్ గంగన్న · ఉదయం 8:55

చెప్పలే. పాత ఎమిరేట్స్ ఐడీ మీదనే నడుస్తున్నది.

బ్యాక్ ఆఫీస్ భ్రమరాంబ · ఉదయం 9:30

అదీ సంగతి, బ్యాంకు దృష్టిలో మీరింకా దుబాయ్‌లోనే ఉన్నారు, అందుకే ఇండియాకి వెళ్ళలేదు. ఐడీ ఎక్స్‌పైర్ అయ్యాక కేవైసీ అడుగుతారు, ఇవ్వకపోతే అకౌంట్ ఫ్రీజ్ చేస్తారు, ఇస్తే ఇండియా రెసిడెంట్ అవుతారు. లేదు నేను ఇక్కడే ఉన్నానని తప్పుడు డిక్లరేషన్ పెడితే అది వేరే నేరం. ఇందులో మూడో దారి నాకైతే తెలీదు.

ఇంకోటి, ఇది మా పనిలో రోజూ చూసే తమాషా. మన తెలుగువాళ్ళ పేర్లు. పాన్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, అక్కడి అకౌంట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాన్ నంబర్ ఉంటే ఇవేం అడ్డుకావు, చటుక్కున కలుస్తుంది. పాన్ లేకుండా పేరూ పుట్టినతేదీ మీద కలపాలంటే కష్టం, కొన్ని కలవవు. మెసేజ్ రానివాళ్ళలో చాలామంది ఇలాంటివాళ్ళేనని నా అనుమానం. కానీ కలవని రికార్డు చెరిగిపోదు కదా, అలా కూర్చుని ఉంటుంది.

డాలస్ సునీత · ఉదయం 10:02

నాకూ సేమ్ ప్రాబ్లం, నాకు ఏ ఫారం వెయ్యాలో చెప్పండి ప్లీజ్. నేను డాలస్‌లో ఉంటాను, గ్రీన్ కార్డ్. గుంటూరులో అమ్మతో కలిపి నాకు ఎఫ్‌డీలు ఉన్నాయి, అప్పుడెప్పుడో తీసుకున్న మ్యూచువల్ ఫండ్స్ కూడా. షెడ్యూల్ ఎఫ్ఏలో ఇవి ఎక్కడ రాయాలి?

లెక్కల శాస్త్రి · ఉదయం 10:40

అమ్మా, నీది గంగన్నకి పూర్తి రివర్సు. నువ్వు ఇక్కడ నాన్ రెసిడెంటువి, షెడ్యూల్ ఎఫ్ఏ నీకు వర్తించదు. నీ విషయంలో పంపేది మన గుంటూరు బ్యాంకు, అందుకునేది అమెరికా. ఆ ఒప్పందం వేరు, ఫాట్కా, మనదేశంతో 2015లో కుదిరింది. నువ్వు అక్కడ ఎఫ్‌బార్ అనే విదేశీ అకౌంట్ల రిపోర్టు వెయ్యాలి, విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే. అమ్మ పేరుతో జాయింటు అన్నా మొత్తం లెక్కకొస్తుంది. మ్యూచువల్ ఫండ్స్‌కి అమెరికా పన్ను వేసే తీరు మహా దారుణం, అక్కడి సీపీఏని అడుగు, నేను వేలు పెట్టను.

ఆర్ఎస్‌యూ ఆనంద్ · ఉదయం 11:15

అయితే అమెరికా మనకేం పంపదా? నాకు కంపెనీ షేర్లు అక్కడి బ్రోకర్ దగ్గరున్నాయి, అమెరికా సీఆర్ఎస్‌లో లేదని ఎక్కడో చదివాను, అంటే సేఫ్ కదా

బ్యాక్ ఆఫీస్ భ్రమరాంబ · ఉదయం 11:41

లేదు నిజమే, వంద పైచిలుకు దేశాలున్న ఏర్పాటులో అమెరికా చేరలేదు. అందరి దగ్గరా తీసుకుంటుంది, ఇచ్చేది తక్కువ. ఫాట్కా కింద మనకి వడ్డీ, అమెరికా కంపెనీల డివిడెండు లాంటివి వస్తాయి, బ్యాలెన్స్ రాదు. కానీ డివిడెండ్ వచ్చిందంటే షేర్లున్నట్టే కదా, డిపార్ట్‌మెంట్‌కి ఆ మాత్రం లెక్క రాదా? పైగా మీ ఆర్ఎస్‌యూ ఇక్కడి కంపెనీ ఫారం 16లోనే జీతంగా చూపిస్తుంది. పోయినేడాది ఇలా మెసేజ్‌లు పంపినప్పుడు 24,678 మంది రిటర్నులు మళ్ళీ చూసుకున్నారు, 29,208 కోట్ల విదేశీ ఆస్తులు బయటకొచ్చాయని ప్రత్యక్ష పన్నుల బోర్డే చెప్పింది. అందులో మీలాంటి షేర్లవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు కానీ మా ఫ్లోర్‌లోనే నలుగురు.

చింతకాయ చక్రపాణి · మధ్యాహ్నం 1:20

ఇంతా చేసి దొరికేది సాఫ్ట్‌వేర్ వాళ్ళూ గల్ఫ్ వాళ్ళూనా. వేల కోట్లున్న పెద్దమనుషులు అకౌంట్ తమ పేరు మీద పెట్టుకుంటారా? ఏ దీవిలోనో కంపెనీ, దాని పైన ట్రస్టు, ట్రస్టు పైన ఇంకో కంపెనీ. మీ ఫైల్లో పాన్ నంబర్ కాలమ్‌లో ఎవరుంటారు? ఇది అంతా చిన్నవాళ్ళ మీద జులుం, నా ఓటు గంగన్నకే.

లెక్కల శాస్త్రి · మధ్యాహ్నం 2:35

చక్రపాణీ, నీ మాటలో నిజం ఉంది, కానీ కాలం కొంచెం కదిలింది. ఇదివరకు ఎలా ఉండేదో చెప్తా. 2011లో ఫ్రాన్స్ వాళ్ళు మనకి జెనీవా హెచ్ఎస్‌బీసీలో అకౌంట్లున్న 628 మంది లిస్టు ఇచ్చారు, అది ఆ బ్యాంకు ఉద్యోగి ఎత్తుకెళ్ళిన డేటా. దాన్ని పట్టుకుని స్విట్జర్లాండ్‌ని వివరాలు అడిగితే దొంగ డేటా మీద అడిగితే ఇవ్వం అన్నారు. అప్పట్లో ముందు నీకు మనిషి పేరు తెలియాలి, అనుమానం ఎందుకో రాయాలి, అప్పుడు వాళ్ళు ఆలోచిస్తారు. పేరు తెలిస్తే ఇంక అడగడమెందుకు? అదే స్విట్జర్లాండ్ 2019 సెప్టెంబర్ నుంచి ఎవరూ అడగకుండానే ఏటా పంపుతోంది. అసలు తేడా ఇక్కడుంది.

నువ్వన్న కంపెనీ వెనక దాక్కోవడం, దానికీ మందు రాశారు. వ్యాపారం లేకుండా డబ్బు పెట్టుకుని కూర్చున్న కంపెనీ అయితే బ్యాంకు దాని వెనక ఉన్న మనిషిని వెతకాలి, ట్రస్టు అయితే పెట్టినవాడూ లబ్ధిదారుడూ అందరూ. కానీ ఆ వెతకడం మామూలుగా 25 శాతం వాటా దగ్గర మొదలవుతుంది, ఐదుగురు చెరో 20 పెట్టుకుంటే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. ఇక మాకు వ్యాపారం ఉందని కంపెనీ తనకు తాను రాసిస్తే ఎంతమంది బ్యాంకర్లు తవ్వుతారు? ఇదీ నీ పాయింటుకి బలమే.

బ్యాక్ ఆఫీస్ భ్రమరాంబ · మధ్యాహ్నం 3:12

తవ్వుతాం సార్, ఆడిట్ భయానికైనా. కాకపోతే కాగితాలు పక్కాగా ఉంటే మేం మాత్రం ఏం చేస్తాం.

అసలు పెద్ద కంత ఇంకోచోట ఉంది. ఇది బ్యాంకులు, బ్రోకర్లు, ఫండ్లు, కొన్ని ఇన్సూరెన్సుల సంగతే. దుబాయ్‌లో ఫ్లాట్ కొంటే ఈ ఫైల్లో రాదు, లాకర్లో బంగారం పెడితే రాదు. అకౌంట్లో డబ్బు దాచడం కష్టమయ్యేసరికి కొంత డబ్బు గోడల్లోకి వెళ్ళిందని పరిశోధనలు చేసేవాళ్ళు కూడా చెప్తున్నారు. క్రిప్టోకి వేరే ఏర్పాటు వస్తోంది, మనదేశం 2027 నుంచి ఇచ్చిపుచ్చుకుంటామని మాటిచ్చింది. ఫ్లాటుకి మాత్రం ఒక చిక్కు ఉంది, అద్దె వస్తే ఏదో అకౌంట్లోనే పడాలి, అమ్మినా అకౌంట్లోకే రావాలి, అక్కడ మళ్ళీ మా చేతికి చిక్కుతుంది.

గల్ఫ్ గంగన్న · సాయంత్రం 4:05

షార్జాల మా బామ్మర్దికి ఒక ఫ్లాట్ ఉన్నది, ఆని గురించి నేను అడుగుతలేను, ఊకే చెప్తున్న.

తిరిగొచ్చినవాడు · రాత్రి 9:20

శాస్త్రి గారూ, పాత పాస్‌పోర్ట్ అటక మీదనుంచి తీసి లెక్కపెట్టాను. 2017 సంక్రాంతికి 14 రోజులు, 2018 ఆగస్టులో చెల్లి పెళ్ళికి 21, 2019 దసరాకి 12, 2020 ఫిబ్రవరిలో నాన్న ఆపరేషన్‌కి 14. మొత్తం 61. గట్టెక్కాను అనుకున్నా, కానీ నేను దిగిన రోజు వదిలేసి లెక్కపెట్టాను, అన్నిసార్లూ రాత్రి పదకొండు ఫ్లైటే కాబట్టి. నాలుగు ట్రిప్పులకి ఆ నాలుగు రోజులు కలిపితే 65. మీరు చెప్పింది 64.

లెక్కల శాస్త్రి · రాత్రి 9:58

భలే చోట పడ్డావయ్యా. దిగిన రోజు కలపాలా వద్దా అన్నదాని మీద రెండు రకాల తీర్పులూ ఉన్నాయి. దిగిన రోజూ వెళ్ళిన రోజూ రెండూ లెక్కే అన్నవీ ఉన్నాయి, దిగిన రోజు తీసెయ్యమన్నవీ ఉన్నాయి. నేనైతే ఒక్క రోజు మీద పందెం కాయను. 2023-24కి రివైజ్ గడువు ఎప్పుడో అయిపోయింది, అప్‌డేటెడ్ రిటర్న్ వెయ్యొచ్చు, ఈ మార్చి లోపు వేస్తే పన్నూ వడ్డీల మీద అదనంగా 25 శాతం, నీకొచ్చే వడ్డీకి అది తొమ్మిది పదివేల దాకా తేలుతుంది.

కానీ అది వేస్తే బ్లాక్ మనీ చట్టం పెనాల్టీ తప్పుతుందని చట్టంలో ఎక్కడా రాయలేదు. పెనాల్టీ అన్నది వెయ్యొచ్చు అని ఉంది తప్ప వెయ్యాలి అని లేదు, ట్రిబ్యునళ్ళు కొన్నిచోట్ల కొట్టేశాయి, కొన్నిచోట్ల నిలబెట్టాయి. నీది సంపాదన తేటగా ఉన్న జీతం డబ్బు, కాబట్టి ఆ సొమ్ముని ఎక్కడిదో చెప్పలేని ఆస్తి అనడానికి వీల్లేదు, గొడవ అంతా రిటర్న్‌లో చూపించకపోవడం మీదే. సింగపూర్ పేస్లిప్పులు, అకౌంట్ తెరిచిన నాటి స్టేట్‌మెంట్లు ఇప్పుడే దించుకుని పెట్టుకో, పాతవి తర్వాత దొరకవు.

చింతకాయ చక్రపాణి · రాత్రి 10:10

శాస్త్రి గారూ నేనైతే దిగిన రోజు తీసేసి ఆర్ఎన్ఓఆర్ అంటాను, రాత్రి పదకొండుకి దిగినవాడు ఆ రోజు ఇండియాలో ఉన్నట్టా?

తిరిగొచ్చినవాడు · రాత్రి 10:33

2024-25 ఐటీఆర్-2 రేపు మొదలుపెడతాను, ఇద్దరిదీ. ఒక డౌటు, షెడ్యూల్ ఎఫ్ఏలో 2024 జనవరి నుంచి డిసెంబర్ వడ్డీ అడుగుతోంది, పన్నేమో ఏప్రిల్ నుంచి మార్చికి. నా డిపాజిట్ వడ్డీ ఏటా ఫిబ్రవరిలో పడుతుంది. 2024 ఫిబ్రవరిది ఎఫ్ఏలో చూపించి, 2025 ఫిబ్రవరి దానికి పన్ను కట్టాలి అంతేనా? రెండు అంకెలూ కలవకపోతే మళ్ళీ మెసేజ్ వస్తుందేమో.

లెక్కల శాస్త్రి · రాత్రి 10:50

అంతే. రెండూ కలవవు, కలవాల్సిన పనీ లేదు. ఎఫ్ఏలో పెట్టినది బ్యాంకు పంపినదానితో కలిస్తే చాలు. ఏ వడ్డీ ఎందులో పెట్టావో ఒక తెల్లకాయితం మీద రాసి ఫైల్లో పెట్టుకో. మీ ఆవిడ రిటర్న్‌లో అకౌంట్ చూపించు, వడ్డీ మాత్రం నీ దాంట్లోనే వెయ్యి, డబ్బు నీది కాబట్టి.